ఐదు వేళ్లు మూట కడితే ఎక్కడ ఏం అర్థం

గల్ఫ్‌కు పోయే పిల్లల తల్లులు నన్ను అడిగే మాట ఒకటి ఉంది. "మామా, అక్కడ భాష రాకుంటే చేతులతోని చెప్పుకోవచ్చు గదా?" అని. చెప్పుకోవచ్చమ్మా. మనం సాంచాల నడుమ ముప్పై ఏండ్లు అట్లనే చెప్పుకున్నం. కాని చేతి సైగ లోకమంతా ఒకటే అనుకొని పోతే మాత్రం కష్టం. మాటకు ఊరు ఉన్నట్టే సైగకు కూడా ఊరు ఉంటది.

ఇది మనకు కొత్త సంగతి కాదు. షెడ్డులో నాడె కొట్టే చప్పుడుకు పక్కనున్న మనిషి అరిచినా వినపడేది కాదు. అందుకని మనోళ్లకు సొంత సైగలు ఉండేవి. రెండు వేళ్లు కత్తెరలాగా ఆడిస్తే పోగు తెగిందని. పిడికిలి పట్టి తిప్పితే జాబర్‌ను పిలువు, సాంచా బిగించాలె అని. చిటికెన వేలు ఎత్తితే ఒంటికి పోయొస్తా, నా సాంచా చూడు అని. ఐదు వేళ్లు ముద్దలాగా చేర్చి నోటి వైపు ఆడిస్తే బువ్వ టైం అయిందని. ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లగాడు వీటిలో సగం తెలియక వారం రోజులు బిత్తర చూపులు చూసేవాడు. మన మిల్లు సైగే మన ఊరివాడికి నేర్పాల్సి వచ్చిందంటే, సముద్రం అవతలివాడికి మన సైగ, మనకు వాడి సైగ నేర్వకుండ ఎట్ల వస్తది?

ఈ నెల ఒక్క సైగనే పట్టుకొని చెప్తాను. ఇప్పుడు చెప్పిన ఆ బువ్వ సైగ చేయే. ఐదు వేళ్ల కొసలు ఒకచోట చేర్చి మూట కట్టడం. గల్ఫ్‌లో పని చేసే మనోడికి రోజుకు పదిసార్లు కనపడేది అదే, మొదటి వారంలో ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది కూడా అదే.

అరబ్బు దేశాలలో ఈ మూటను ఎట్ల పడతారంటే, అరచేయి తన వైపు, వేళ్ల కొసలు ఆకాశం వైపు ఉంటాయి. చేయి రొమ్ము ఎత్తున ఉంటది. మణికట్టు దగ్గర మెల్లగా రెండు మూడుసార్లు పైకి కిందికి ఆడుతుంది. దాని అర్థం "ఆగు, కొంచెం ఓపిక పట్టు" అని. దాంతోపాటు నోటితో "శ్వయ్య శ్వయ్య" అంటే మెల్లగా అని, "లహ్జా" అంటే ఒక్క క్షణం అని అంటారు. "సబ్ర్" అని కూడా అంటారు. మనం ఇక్కడ హిందీలో సబర్ కరో అనే మాట ఆ అరబ్బీ నుంచి వచ్చిందే. సౌదీలో, కువైట్‌లో, దుబాయిలో, అటు ఈజిప్టులో కూడా ఇది మామూలు సైగ. పక్కనున్న ఇజ్రాయెల్‌లో యూదులు కూడా ఇదే అర్థంతో వాడతారు. ఇందులో తిట్టు లేదు, కోపం లేదు. రోడ్డు దాటే మనిషి వచ్చే కారుకు ఇదే చూపిస్తాడు. ఫోన్‌లో మాట్లాడుతున్న సేఠ్ మనకు ఇదే చూపిస్తాడు.

మనోడికి ఇది ఎట్ల కనపడుతుందో చూడండి. మనకు ఆగు అంటే అరచేయి ఎదుటివాడి వైపు నిలబెట్టడం. మరాఠీవాళ్లు థాంబ్ అంటూ చూపేది కూడా అదే. వేళ్ల మూట అంటే మనకు బువ్వే. అందుకని ఇఖామా కాగితాల కిటికీ దగ్గర లోపలి మనిషి మూట చూపితే, ఒకడు "తిన్నావా అని అడుగుతుండు" అనుకొని నవ్వుతాడు. ఇంకొకడు పిలుస్తున్నాడనుకొని ఇంకా ముందుకు జరుగుతాడు. లోపలివాడు "ఆగమంటే మీద పడుతుండేంది" అని మూటను ఇంకా గట్టిగా ఊపుతాడు. మనోడికి అది కొడతానన్నట్టు కనపడుతుంది. ఇద్దరూ మర్యాదస్థులే, అయినా రెండు నిమిషాల్లో ఇద్దరి ముఖాలూ మాడిపోతాయి.

దీన్ని గుర్తుపట్టడానికి మూడు చూడాలె. మొదటిది కొసలు ఎటు ఉన్నయి. పైకి ఉంటే ఆగు, నోటి వైపు ఉంటే తిండి. రెండోది కదలిక. ఒకేచోట పైకి కిందికి మెల్లగా ఆడితే ఓపిక పట్టమని. నోటి దాకా పోయి వస్తే తిండి. మూడోది ముఖం. ముఖం మామూలుగా ఉంటే అది ఉత్త ఆగు. పళ్లు బిగబట్టి, చేయి చాచి, విసురుగా ఊపుతుంటే "ఆగు, నీ పని చెప్తా" అనే బెదిరింపు కావచ్చు. అప్పుడు జవాబు చెప్పకుండ రెండడుగులు వెనక్కి జరగడమే మంచిది. మామూలు ఆగుకు జవాబు ఏమంటే, తల కొంచెం ఊపి నిలబడిన చోటనే నిలబడటం. అంతే చాలు.

ఇప్పుడు అసలు జాగ్రత్తగా వినవలసింది చెప్తాను. ఇదే మూటకు ఇంకొక వేలు తోడైతే అది అరబ్బు దేశాలలో పెద్ద తిట్టు అవుతుంది. ఎడమ చేతి ఐదు వేళ్లు మూట కట్టి, ఆ కొసల మీద కుడి చేతి చూపుడు వేలు పెట్టి ఎదుటివాడికి చూపిస్తే, "నీకు ఐదుగురు తండ్రులు" అన్నట్టు. అంటే ఎదుటివాడి తల్లిని అన్నట్టు. మన వాడలో అయినా తల్లిని అంటే ఊరుకుంటారా? అక్కడా ఊరుకోరు.

మనోడు ఇది ఎందుకు చేస్తాడు అంటారేమో. మనం లెక్క పెట్టేటప్పుడు ఎడమ చేతి వేళ్ల మీద కుడి చేతి వేలు పెట్టుకుంటూ పోతాం గదా. అక్కడే వస్తది చిక్కు. మా చాళ్‌లో ఉండే ఒక పిల్లగాడు అక్కడ గోదాంలో పని చేసి వచ్చిండు. అతను చెప్పిన సంగతి ఇది. డబ్బాలు ఐదేసి కలిపి ఒక పట్టీ వేసి బండి ఎక్కించాలె. బండి డ్రైవరు అరబ్బు మనిషి, అతనికి హిందీ రాదు, ఈ పిల్లగానికి అరబ్బీ రాదు. డ్రైవరు విడి డబ్బాలు ఎక్కించుకుంటుంటే ఈ పిల్లగాడు ఆపి, ఎడమ చేతి ఐదు వేళ్లు చూపించి, వాటిని మూట కట్టి, మీద కుడి వేలు ఆనించి, "ఐదూ కలిపి ఒకటి" అని చూపెట్టిండు. మన లెక్కలో ఎంత సాఫ్ సైగ! డ్రైవరు చేతిలో కాగితాలు కింద పడేసి మీదికి వచ్చిండు.

అప్పుడు అక్కడున్న మలయాళీ మేస్త్రీ ఇద్దరి నడుమకు వచ్చిండు. ఆయన ఇరవై ఏండ్ల అనుభవం ఉన్న మనిషి. ఏం చేసిండో గమనించండి. ముందుగాల పిల్లగాని రెండు చేతులూ కిందికి దించిండు. తర్వాత తన కుడి అరచేయి తన రొమ్ము మీద పెట్టుకొని, తల కొంచెం వంచి, "ఆసిఫ్, ఆసిఫ్" అన్నడు. అరబ్బీలో ఆసిఫ్ అంటే నన్ను మన్నించు అని. తర్వాత జేబులోంచి సుద్దముక్క తీసి డబ్బా మీద 5 అని రాసి, చుట్టూ గీత గీసి, పట్టీ తీసి చూపించిండు. డ్రైవరుకు అర్థమయింది. ముందు తలకాయ పట్టుకున్నడు, తర్వాత నవ్విండు. సాయంత్రం చాయ్ దగ్గర ఆ పిల్లగానికి ఆ సైగ అర్థం చెప్పిన్రు. అప్పటి నుంచి అతను లెక్క చెప్పాలంటే చేతులు వెనక కట్టుకొని "ఖంసా" అనే అనేవాడు. ఖంసా అంటే ఐదు.

ఈ సంగతిలో రెండు నేర్చుకోవాలె. ఒకటి, రెండు చేతులు కలిపి చేసే సైగలు తెలియని దేశంలో చేయకూడదు. ఒంటి చేతి సైగ తప్పినా చాలాసార్లు ఎదుటివాడు అర్థం కాలేదనుకొని వదిలేస్తాడు. రెండు చేతులతో తీరుబడిగా చేసింది చూస్తే "కావాలనే చేసిండు" అనిపిస్తుంది. రెండోది, తప్పు జరిగినప్పుడు అదే సైగ మళ్లీ చేసి "నేను ఇట్ల అన్న" అని వివరించబోకూడదు. అది తిట్టు మీద తిట్టు అవుతుంది. చేయి దించాలె, కుడి చేయి రొమ్ము మీద పెట్టాలె, ఆసిఫ్ అనాలె. రొమ్ము మీద కుడి చేయి ఆ దేశాలలో మర్యాద గుర్తు. ఎవరైనా చాయ్ ఇవ్వబోతే వద్దని మర్యాదగా చెప్పడానికి, షుక్రియా చెప్పడానికి కూడా అదే పనికి వస్తది.

ఇక ఇదే మూట అరబ్బు దేశాలు దాటితే ఏమవుతుందో కొంచెం చూద్దాం. ఇటలీలో వేళ్ల మూటను పైకి పట్టి ఆడిస్తే "ఏమంటున్నవురా, నీకు కావాల్సింది ఏంది" అని విసుగుతో అడిగినట్టు. గ్రీసులో, టర్కీలో అయితే "చాలా బాగుంది" అని మెచ్చుకున్నట్టు. 1979లో డెస్మండ్ మోరిస్ అనే ఇంగ్లీషు ఆయన, మరి ముగ్గురు కలిసి దీని మీద ఒక పుస్తకం వేశారు. యూరపులో, మధ్యధరా సముద్రం చుట్టుపక్కల 40 చోట్లకు పోయి, 20 రకాల సైగల బొమ్మలు జనానికి చూపించి, మీ ఊర్లో దీని అర్థం ఏందని అడిగారట. ఈ వేళ్ల మూట కూడా ఆ ఇరవైలో ఉంది. డిగ్రీ చదివే మా మనవరాలు నాకు ఆ సంగతి చదివి వినిపించింది. ఇప్పుడు పిల్లల ఫోన్లలో కూడా ఈ మూట బొమ్మ ఉంది, 2020లో వచ్చింది. ఇటలీవాళ్ల సైగ అని పెట్టారు. కాని అది అరబ్బువాడికి పంపితే ఆగు అంటాడు, మన పిల్లవానికి పంపితే తిన్నావా అంటాడు. అందుకని పై మనిషికి, మేస్త్రీకి మాటలు రాయకుండ ఉత్త చేతుల బొమ్మలు పంపొద్దు.

గల్ఫ్ అంటే అరబ్బులు ఒక్కరే ఉండరు. క్యాంపులో ఫిలిప్పీన్స్ వాళ్లు ఉంటారు, ఇంగ్లీషు ఇంజనీర్లు ఉంటారు, ఇరాన్ దుకాణాలు ఉంటాయి. అందుకే ఇంకా రెండు సైగలు చెప్పి ఊరుకుంటాను.

ఒకటి పిలిచే సైగ. మనం మనిషిని పిలవాలంటే అరచేయి కిందికి పెట్టి నాలుగు వేళ్లు లోపలికి ఊపుతాం. ఫిలిప్పీన్స్ వాళ్లు కూడా అట్లనే పిలుస్తారు, కాబట్టి వాళ్లతో మనకు చిక్కు లేదు. చిక్కు ఎక్కడంటే, సినిమాల్లో చూసి చూపుడు వేలు ఒక్కటే పైకి కొక్కెంలాగా వంచి "రా" అంటే. ఫిలిప్పీన్స్‌లో అట్ల పిలిచేది కుక్కను. మనిషిని అట్ల పిలిస్తే పెద్ద అవమానం. అరబ్బులు కూడా దాన్ని మెచ్చరు. ఇంగ్లీషు ఇంజనీరు సంగతి వేరు. వాళ్లు అరచేయి పైకి పెట్టి పిలుస్తారు. మనం అరచేయి కిందికి పెట్టి పిలిస్తే, దూరం నుంచి ఆయనకు పొమ్మన్నట్టో, టాటా చెప్పినట్టో కనపడొచ్చు. పిలిచినా రాలేదంటే పొగరు అనుకోకండి, దగ్గరికి పోయి చెప్పండి. పెద్దవాళ్లను చేతితో పిలవకుండ మనమే నడిచిపోవడం ఏ దేశంలోనైనా తప్పు కాదు.

రెండోది బొటనవేలు. మనకు బొటనవేలు పైకెత్తితే శాబాష్, పని అయింది అని. కాని మన దగ్గరే ఇంకొక అర్థం ఉంది, మరిచిపోయిన్రు. అదే బొటనవేలు అటూ ఇటూ ఆడించి చూపిస్తే ఠేంగా. మరాఠీలో ఠేంగా దాఖవలా అంటే ఏమీ ఇవ్వకుండ ఉత్త చేయి చూపించిండని. ఒకే వేలు, మన వాడలోనే రెండు అర్థాలు. ఇరాన్‌లో, ఇరాక్‌లో పాత అలవాటు ప్రకారం బొటనవేలు నిలబెట్టి చూపడం బూతు, మన దగ్గర నడి వేలు చూపినంత. ఇప్పుడు ఫోన్ల వల్ల ఆ దేశాల పడుచు పిల్లలు కూడా బాగుంది అనే అర్థంతో వాడుతున్నారు. దుబాయి ఆఫీసుల్లో దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కాని ముసలి ఇరానీ దుకాణదారుకు, ఇరాక్ డ్రైవరుకు చూపించే అవసరం మనకు ఏముంది? తల ఊపి "తమామ్" అంటే సరిపోతుంది. తమామ్ అంటే అంతా బాగుంది అని.

ఐదు అని చెప్పేటప్పుడు కూడా అరచేయి ఎదుటివాడి ముఖానికి దగ్గరగా చాచొద్దు. గ్రీసులో ఐదు వేళ్లు విప్పి అరచేయి ముఖం మీదికి చాపడం ఘోరమైన తిట్టు. పాతకాలంలో నేరస్థులను గాడిద మీద తిప్పి ముఖానికి మసి పూసేవారట, ఆ మసి పూసే చేయే ఈ తిట్టయిందని అక్కడ చెప్పుకుంటారు. ఈజిప్టు నుంచి పడమటికి పోతే, దిష్టి పెట్టే మనిషి కంటికి ఎదురుగా ఐదు వేళ్లు చాపడం ఉంది, అది కూడా కోపపు సైగే. మనకు దేవుడి అభయహస్తం అదే, ఓట్లకాడ చేయి గుర్తు అదే. అందుకని లెక్క చెప్పాలంటే చేయి రొమ్ము ఎత్తున, మన దగ్గరగా పెట్టుకోవాలె. ఇంకా మంచిది కాగితం మీద అంకె రాయడం.

నడి వేలు సంగతి అందరికీ తెలుసు, కాని ఒక మాట చెప్పాలె. యు.ఏ.ఇ.లో, అంటే దుబాయి, అబుధాబి వైపు, అది చూపించడం చట్టం ప్రకారం నేరం. ఎదుటివాడు పోలీసులకు ఫిర్యాదు చేస్తే జైలు, ఆ తర్వాత దేశం నుంచి పంపించేయడం దాకా పోతుంది. ఎక్కువగా రోడ్డు మీద బండి నడిపేటప్పుడు కోపంలో ఇది జరుగుతుంది. అప్పు తీర్చడానికి పోయిన మనిషి ఒక వేలు కోసం అప్పుతోనే తిరిగి రావడం ఇంటికి ఎంత నష్టమో మీరే లెక్క వేసుకోండి. స్టీరింగ్ మీద రెండు చేతులు ఉంచమని మీ పిల్లలకు చెప్పండి.

పోయే పిల్లగానికి నేను చెప్పేది ఇది. మొదటి వారం రోజులు నీ చేతులు కట్టుకొని ఉండు, కండ్లు తెరిచి ఉంచు. చాయ్ దుకాణం దగ్గర కూసొని ఆ దేశపోళ్లు ఒకరితో ఒకరు ఏ సైగ చేసుకుంటున్నారో, చేసినాక ఎదుటివాడు ఏం చేస్తున్నాడో చూడు. సైగ చేసినాక ఎదుటివాడు ఆగిండా, వచ్చిండా, నవ్విండా, అదే దాని అర్థం. ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు కుడి చేయి వాడు. ఇది మన ఇంట్లో నేర్పిందే, అక్కడా అదే మర్యాద. సైగతో పాటు ఎప్పుడూ ఒక మాట జోడించు. మాట తోడుంటే సైగ తప్పినా మాట కాపాడుతుంది.

ఆ మాటలు ఎక్కువ అక్కర్లేదు. ఒక కాగితం మీద మన లిపిలో ఐదు మాటలు రాసి పర్సులో పెట్టండి. లహ్జా అంటే ఒక్క క్షణం. తఆల్ అంటే ఇటు రా. ఖంసా అంటే ఐదు. తమామ్ అంటే బాగుంది. ఆసిఫ్ అంటే మన్నించు. ఆడపిల్ల పోతుంటే ఆఖరి మాట ఆసిఫా అని రాయండి, ఆడవాళ్లు అట్లనే అంటారు. విమానం ఎక్కేముందు ఆ ఐదూ మీ ముందర పదిసార్లు అనిపించండి.